ఇనుము మాత్ర – వేళ, పథ్యం

పూర్వపు చిత్తూరు జిల్లాలో, 2022 నుండి తిరుపతి జిల్లాలో భాగమైన సత్యవేడు, వరదయ్యపాలెం మండలాలలో శ్రీ సిటీ పారిశ్రామిక నగరం విస్తరించి ఉంది. అచ్చటి కర్మాగారాలలో ఎందరో యువతులు షిఫ్టుల పద్ధతిలో పనిచేస్తున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 సంవత్సరాల వయస్సు గల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులు. దీనికి వైద్యులు సాధారణంగా ఇచ్చే ఔషధం ఇనుము మాత్ర. అయితే మాత్ర మింగినంత మాత్రాన అందులోని ఇనుమంతా రక్తంలో చేరదు. అది ఏ వేళ, దేనితో కడుపులోనికి వెళ్ళినదన్న దానిపై ఫలితం ఆధారపడి ఉంటుంది.

ఉదయం ఆరు గంటల షిఫ్టుకు వెళ్ళే ఒక యువతిని ఉదాహరణగా తీసుకొందాం. ఆమె రక్తంలో హిమోగ్లోబిన్ 9.5 గ్రాములు మాత్రమే ఉంది. గర్భవతులు కాని స్త్రీలకు అది 12 గ్రాములకు తగ్గరాదు. వైద్యుడు రోజుకొక మాత్ర వ్రాసి ఇచ్చాడు. ఆమె అయిదున్నరకు టిఫిన్ తిని, టీతో మాత్ర మింగుతున్నది. నెల గడిచినా నీరసం తగ్గలేదు.

లోపం మాత్రలో లేదు, టీలో ఉంది. టీ ఆకులోని టానిన్లు ఇనుముతో కలిసి, ప్రేగులు పీల్చుకోలేని పదార్థంగా మారుతాయి. కాఫీ కూడా ఇటువంటిదే. పాలలోని కాల్షియం మరొక విధంగా ఇనుమును అడ్డగిస్తుంది. కాల్షియం మాత్రలు, కడుపు మంటకు వాడే యాంటాసిడ్లు కూడా ఈ కోవలోనివే.

కనుక ఆమె దినచర్యలో స్వల్పమైన మార్పు చాలు. నాలుగున్నరకు నిద్రలేవగానే పరగడుపున ఒక గ్లాసు నీటిలో నిమ్మకాయ పిండుకొని, దానితో మాత్ర మింగాలి. గంట తరువాత టిఫిన్ తినవచ్చు. టీని పది గంటల విరామానికి జరపాలి. పాలు రాత్రికి ఉంచుకోవాలి. మాత్రకూ టీకీ నడుమ కనీసం ఒక గంట, పాలకు రెండు గంటల ఎడముంటే మేలు.

నిమ్మరసంలోని సి విటమిన్ ఇనుమును సులభంగా కరిగే రూపంలో నిలిపి, ప్రేగులు పీల్చుకొనేందుకు తోడ్పడుతుంది. ఉసిరి, జామ కూడా ఇందుకు ఉపకరిస్తాయి. అయితే దీనికొక పరిమితి ఉంది. 2020లో ప్రచురితమైన ఒక చైనా పరిశోధనలో, ఇనుము మాత్రతో సి విటమిన్ మాత్ర కూడా వాడిన వారికీ, ఇనుము మాత్ర మాత్రమే వాడిన వారికీ హిమోగ్లోబిన్ దాదాపు సమానంగానే పెరిగింది. అందుచేత విడిగా సి విటమిన్ మాత్రలు కొనవలసిన అగత్యం లేదు. నిమ్మకాయ లేని రోజున నీటితోనైనా మాత్ర వేసుకోవాలి. టీతో మాత్రం వేసుకోరాదు. పరగడుపున వికారం కలిగితే కొద్దిపాటి ఆహారంతో తీసుకోవచ్చు. అప్పుడు శరీరానికి చేరే ఇనుము కొంత తగ్గినా, మాత్ర పూర్తిగా మానడం కంటె అది నయం.

మాత్ర మొదలుపెట్టిన కొద్ది రోజులకు మలం నల్లగా గాని, ముదురు ఆకుపచ్చగా గాని మారుతుంది. ఇది చూచి చాలామంది బెదరి మందు మానివేస్తారు. శరీరం పీల్చుకోని ఇనుము మలంతో బయటకు పోవడమే ఈ రంగుకు కారణం. ఇందులో అపాయం లేదు. కాని మలం తారువలె జిగటగా, విపరీతమైన దుర్వాసనతో ఉండి, కడుపునొప్పి, కళ్ళు తిరగడం తోడైతే అది లోపలి రక్తస్రావానికి సూచన కావచ్చు. మలంలో ఎర్రని రక్తం కనబడినా, వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి.

రెండవ ఇబ్బంది మలబద్ధకం. యంత్రం ముందు గంటల తరబడి పనిచేసేవారు నీరు తక్కువగా త్రాగుతారు. మూత్ర విసర్జనకు లేవవలసి వస్తుందని దాహాన్ని అణచుకొనేవారూ ఉంటారు. దానికి ఇనుము తోడైతే మలం గట్టిపడుతుంది. విరామం దొరికినప్పుడెల్లా నీరు త్రాగడం, ఆకుకూరలు, పండ్లు తినడం, షిఫ్టు ముగిశాక కొంతసేపు నడవడం దీనికి నివారణలు. రాయలసీమ వారి రాగిసంగటిలో పీచు పదార్థం సమృద్ధి. అయితే రాగులలో కాల్షియం, టానిన్లు కూడా ఉన్నందున దానిని మధ్యాహ్న భోజనంలో తిని, మాత్ర వేళకు దూరంగా ఉంచాలి. అప్పటికీ తగ్గకపోతే మందు మానరాదు. వైద్యుడు మోతాదు తగ్గించవచ్చు, లేదా దినం విడిచి దినం వేసుకోమనవచ్చు. ఒక మాత్ర తరువాత మరునాటి వరకు శరీరం ఇనుమును తక్కువగా గ్రహిస్తుంది గనుక, ఈ పద్ధతిలో ప్రతి మాత్ర నుండి ఎక్కువ పాలు ఒంటబడుతుంది.

నెల తరువాత రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఒక గ్రాము గాని, అంతకు మించి గాని పెరిగితే మందు పనిచేస్తున్నట్లే. సరిగా వాడినా పెరగకపోతే అధిక ఋతుస్రావం, కొంకిపురుగులు వంటి ఇతర కారణాలను వైద్యుడు వెదకాలి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు చేరిన వెంటనే కూడా మాత్ర ఆపరాదు. శరీరంలోని ఇనుము నిల్వలు నిండడానికి మరి మూడు నెలలు పడుతుంది. ఆ మాత్రలు పసిపిల్లలకు అందని చోట ఉంచాలి. వారు ఎక్కువ సంఖ్యలో మింగితే ప్రాణాపాయం.