రెండు నిమిషాల్లో చెప్పాల్సిన కథ

‘మీరు సాధించినదేదైనా ఒకటి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడగగానే చాలామంది కంపెనీ చరిత్ర మొదలుపెడతారు. అసలు విషయానికి వచ్చేసరికి అడిగినవాళ్లు గడియారం చూస్తుంటారు.

మందుల హోల్‌సేల్ షాపులో స్టాకు చూసే అమ్మాయినే తీసుకుందాం. పరిస్థితి రెండు వాక్యాలు చాలు: ‘గడువు దాటిన మందుల వల్ల షాపుకి నెలకు దాదాపు 10 వేలు నష్టం వచ్చేది. దాన్ని తగ్గించే పని నాకు అప్పగించారు.’

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది తర్వాతి భాగానికి. ‘గడువు దగ్గరపడ్డ పెట్టెలు వెనక, కొత్తవి ముందు ఉంటున్నాయని గమనించాను. వరస మార్పించాను. మూడు నెలల్లో గడువు తీరే మందుల జాబితా ప్రతి సోమవారం సేల్స్ వాళ్లకిచ్చాను.’ ఇక్కడ మనవాళ్లు వినయంతో ‘మేం చేశాం’ అనేస్తారు. అప్పుడు ఆమె వాటా ఎంతో తేలదు. ‘వరస మార్చింది గోడౌన్ కుర్రాళ్లు, ఆలోచన నాది’ అంటే వినయమూ ఉంటుంది, లెక్కా తేలుతుంది.

ఫలితం: ‘ఆరు నెలలకి నష్టం 2 వేల లోపుకి వచ్చింది.’ వెంటనే ‘ఎలా లెక్కేశారు?’ అని అడుగుతారు. ‘నెలాఖరున పక్కన పడేసిన సరుకు బిల్లులు కూడాను’ అనగలిగితే సరే. తడబడితే ముందు చెప్పినదంతా అనుమానంలో పడుతుంది. అంకె లేకపోతే కల్పించకుండా, ఆ జాబితా పద్ధతి షాపులో ఇప్పటికీ నడుస్తోందని చెప్పినా ఫలితమే.