తెగినా తెలియని తీగ

హుజూర్‌నగర్, మట్టంపల్లి ప్రాంతాల్లోనూ, కృష్ణ అవతల దాచేపల్లి వైపూ సున్నపురాయి ఉన్నచోట సిమెంట్ ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీలో క్రషర్ నుంచి మిల్లు దాకా రాయిని మోసే కన్వేయర్ బెల్టును ఊహించుకోండి. దాని పొడవునా ఎనిమిది ఇనుప ప్యానెళ్లు, ఒక్కో ప్యానెల్‌లో ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్. మోటార్లను నడిపే డ్రైవ్‌లు, బెల్టు పక్కకు జరిగితే చెప్పే సెన్సర్లు ఆ స్విచ్‌ల ద్వారానే కంట్రోల్ రూమ్‌లోని పీఎల్‌సీతో మాట్లాడతాయి. ఐదో ప్యానెల్‌కూ ఆరో ప్యానెల్‌కూ మధ్య ఎవరో వెల్డింగ్ చేస్తుంటే రవ్వలు పడి ఫైబర్ కేబుల్ కాలిపోయింది. ఇప్పుడు బెల్టు ఆగుతుందా?

స్విచ్‌లను దండలో పూసల్లా వరసగా కలిపి వదిలేస్తే ఆగుతుంది. ఆరు, ఏడు, ఎనిమిది ప్యానెళ్లకు కంట్రోల్ రూమ్‌తో సంబంధం పోతుంది. అందుకే ఎనిమిదో స్విచ్ నుంచి మొదటి స్విచ్‌కు ఇంకో కేబుల్ వేసి దండను ముడివేస్తారు. దీన్నే రింగ్ అంటారు. ఒకచోట తెగితే సమాచారం రెండోవైపు నుంచి చుట్టు తిరిగి వస్తుంది.

అయితే ఈ ముడిలో ఒక ప్రమాదం ఉంది. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లు లెక్కపెట్టుకుని, అయిపోగానే ఆగుతారు. ఈథర్నెట్ ఫ్రేమ్‌కు ఆ లెక్క లేదు. అందరికీ చేరాలని పంపిన ఫ్రేమ్ ఒక్కటి రింగ్‌లో పడితే, అది ఆగకుండా తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ ప్రతి స్విచ్‌లోని ప్రతి పోర్టుకూ తన నకలు పంపుతూ పోతుంది. క్షణాల్లో నెట్‌వర్క్ మొత్తం దానితోనే నిండిపోయి, అసలు పని ఆగిపోతుంది. అందుకని రింగ్‌లో ఒక స్విచ్‌ను మేనేజర్‌గా పెడతారు. అది తన రెండు రింగ్ పోర్టుల్లో ఒకదాన్ని మామూలు సమాచారానికి మూసి ఉంచుతుంది. కేబుల్ చూస్తే రింగే, సమాచారం వెళ్లే దారి మాత్రం వరసే. మేనేజర్‌ను కాన్ఫిగర్ చేయడం మరచిపోయి ఆఖరి కేబుల్ పెట్టేసినవాళ్లు ప్లాంటును ఒక్కసారిగా నిలబెట్టేస్తారు. అందుకే ముందు సెట్టింగులు, ఆ తర్వాతే ఆఖరి కేబుల్.

ఇక ఆ వెల్డింగ్ రవ్వ దగ్గరికి వద్దాం. ఫ్యాక్టరీల్లో బాగా వాడే పద్ధతుల్లో ఎమ్‌ఆర్‌పీ ఒకటి. ఐఈసీ 62439-2 ప్రమాణం దాన్ని నిర్వచిస్తుంది. 200 మిల్లీసెకన్ల తరగతిలో మేనేజర్ సాధారణంగా ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక పరీక్ష ఫ్రేమ్‌ను రెండు వైపులా వదులుతుంది. ఒకవైపు వదిలింది రెండోవైపు చేరితే రింగ్ బాగున్నట్టు. కేబుల్ కాలగానే అవి రావడం మానేస్తాయి. వరసగా మూడు రాకపోతే, అంటే దాదాపు 60 మిల్లీసెకన్లలో, రింగ్ తెగిందని మేనేజర్ తేల్చుకుంటుంది. ఐదో స్విచ్చో ఆరో స్విచ్చో తన లింక్ పోయిందని ముందే కబురు పెడితే ఇంకా త్వరగా తెలుస్తుంది. వెంటనే మూసి ఉన్న పోర్టును తెరుస్తుంది. ఏ యంత్రం ఏ వైపు ఉందో రాసుకున్న పాత పట్టికలను చెరిపేయమని మిగతా స్విచ్‌లకు చెబుతుంది. ఇది చెప్పకపోతే అవి పాత అలవాటు కొద్దీ తెగిన వైపే పంపుతూ ఉంటాయి. 50 స్విచ్‌ల వరకు ఉన్న రింగ్‌లో ఈ పనంతా 200 మిల్లీసెకన్లలోపు ముగియాలన్నది ప్రమాణం మాట. దీన్నే రికవరీ టైమ్ అంటారు. ఆఫీసు నెట్‌వర్కుల్లో పాత స్పానింగ్ ట్రీ పద్ధతి ఇదే పనికి 30 నుంచి 50 సెకన్లు తీసుకునేది.

ఇంతవరకు విని, 200 మిల్లీసెకన్లంటే సెకనులో ఐదోవంతే కదా అని ఊరుకుంటే పొరపాటు. రింగ్ ఎంతలో కోలుకుంటుందన్న దానికంటే, యంత్రం ఎంతసేపు ఓపిక పడుతుందన్నదే ముఖ్యం. ప్రొఫీనెట్‌లో డ్రైవ్‌కూ పీఎల్‌సీకీ మధ్య ప్రతి 8 మిల్లీసెకన్లకు సమాచారం మారుతోందనుకుందాం. మామూలుగా వరసగా మూడుసార్లు రాకపోతే సంబంధం తెగినట్టు లెక్క. అంటే 24 మిల్లీసెకన్లకే డ్రైవ్ ట్రిప్ అవుతుంది. రింగ్ తన పని తాను చక్కగా చేసినా బెల్టు ఆగిపోతుంది. ఆ తర్వాత చూస్తే నెట్‌వర్క్ బాగానే ఉంటుంది. తప్పంతా డ్రైవ్‌దే అనుకుని దాన్ని విప్పుతారు.

కన్వేయర్‌కైతే మందు సులువు. సమాచారం మారే వ్యవధిని 32 మిల్లీసెకన్లకు పెంచి, ఎనిమిదిసార్లు రాకపోయినా ఓర్చుకోమంటే 256 మిల్లీసెకన్ల ఓపిక వస్తుంది. సెకనుకు మూడు మీటర్లు నడిచే బెల్టు ఆ వ్యవధిలో 77 సెంటీమీటర్లు జరుగుతుంది. రాయి మోసే పనికి అది లెక్కలోది కాదు. కానీ అదే ఓపికను వేగంగా కదిలే రోబో చేతికి ఇవ్వలేం. మనిషి ప్రాణానికి సంబంధించిన ఎమర్జెన్సీ స్టాప్ నెట్‌వర్క్ మీద నడుస్తుంటే, దాని గడువును రింగ్ కోసం సాగదీయడమంటే ఆగాల్సిన యంత్రం అంత ఆలస్యంగా ఆగడమే. అలాంటిచోట ప్రతి ఫ్రేమ్‌నూ రెండు దారుల్లో ఒకేసారి పంపే పీఆర్‌పీ, హెచ్‌ఎస్‌ఆర్ పద్ధతులు వాడతారు. వాటిలో ఒక దారి పోయినా కోలుకునే సమయమంటూ ఉండదు, ఎందుకంటే రెండో నకలు అప్పటికే దారిలో ఉంటుంది. ఖర్చు ఎక్కువ.

ఇంకో ప్రశ్న మిగిలింది. కేబుల్ సంగతి సరే, స్విచ్ సంగతేమిటి? మే నెలలో అక్కడ నీడలోనే 44 డిగ్రీలు. ఎండకు నిలబడ్డ మూసిన ఇనుప ప్యానెల్ లోపల, డ్రైవ్‌లూ పవర్ సప్లైలూ వదిలే వేడి కలిసి, అది ఇంకా పైకి వెళ్తుంది. ఆఫీసు స్విచ్‌లు చాలావరకు 40 నుంచి 50 డిగ్రీల వరకే హామీ ఇస్తాయి. ఫ్యాన్ ఉన్నవైతే మరీ కష్టం. ఫ్యాన్ గాలితోపాటు సిమెంట్ దుమ్మును లోపలికి లాగి, ముందు తాను ఆగి, ఆపైన స్విచ్‌ను వేడెక్కిస్తుంది. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు సగం అవుతుందని ఇంజనీర్లు మోటుగా లెక్కేస్తారు. అందుకే ఆ స్విచ్ పెట్టిన వారంలో పోదు. రెండో ఎండాకాలంలో, మధ్యాహ్నం పూట మాత్రమే మొరాయించడం మొదలుపెడుతుంది. సాయంత్రానికి బాగవుతుంది కాబట్టి ఎవరికీ అంతుపట్టదు.

ఫ్యాక్టరీ కోసం చేసిన గట్టి మోడల్‌కు ఫ్యాన్ ఉండదు. లోహపు పెట్టె తానే వేడిని బయటికి వదులుతుంది. చాలా మోడళ్లు మైనస్ 40 నుంచి 70, 75 డిగ్రీల దాకా పనిచేస్తాయి. పెద్ద మోటార్లు ఆన్, ఆఫ్ అయినప్పుడు పుట్టే విద్యుత్ కల్లోలానికీ, నిరంతర కంపనానికీ పరీక్షించి పంపుతారు. 230 వోల్టుల ప్లగ్ బదులు 24 వోల్టుల డీసీ సరఫరా రెండు వైపుల నుంచి తీసుకుంటాయి. ఒక సప్లై పోయినా రెండోది మోస్తుంది. ఇదంతా రింగ్ కోసమే. రింగ్ ఒక్క దెబ్బనే కాస్తుంది. వేడికి రోజుకో స్విచ్ సొమ్మసిల్లితే, ఏదో ఒకరోజు ఒకేసారి రెండు పడిపోతాయి, మధ్యలో ఉన్నవి ఒంటరివైపోతాయి.

అసలు బాధ కూడా ఇక్కడే ఉంది. వెల్డింగ్ రవ్వతో కేబుల్ కాలిన రోజు బెల్టు ఆగలేదు కాబట్టి ఎవరూ అటు చూడరు. రింగ్ తెరుచుకునే ఉంటుంది, నెలలు గడుస్తాయి. రెండో కేబుల్ తెగినరోజు, అంతా రింగ్ ఉందనే అనుకుంటారు. పోనీ రెండు కేబుళ్లూ ఒకే ట్రేలో వేసి ఉంటే రెండోరోజు దాకా ఆగక్కర్లేదు, ఒకే మంటకు రెండూ పోతాయి. డ్రాయింగ్‌లో అది రింగే. తిరుగు కేబుల్‌ను బెల్టుకు అవతలి వైపు నుంచి తీసుకురావడం అందుకే.

గట్టి స్విచ్‌ల్లో చాలావాటికి రెండు స్క్రూలున్న అలారం కాంటాక్ట్ ఉంటుంది. మేనేజర్ స్విచ్‌లో దాన్ని రింగ్ తెగినప్పుడు తెరుచుకునేలా పెట్టి, రెండు తీగలతో పీఎల్‌సీకి కలిపితే కంట్రోల్ రూమ్ తెర మీద ఎర్ర గుర్తు వస్తుంది. స్విచ్‌కే కరెంటు పోయినా అది తెరుచుకుంటుంది కనుక, ఆ కబురూ అందుతుంది. చాలా ప్లాంట్లలో ఈ రెండు స్క్రూలు ఖాళీగా ఉంటాయి.

షట్‌డౌన్‌లో బెల్టును ఖాళీగా తిప్పుతూ ఐదో ప్యానెల్ దగ్గర ఫైబర్ ఊడదీసి చూడాలి. డ్రైవ్ ట్రిప్ కాకూడదు, కంట్రోల్ రూమ్‌లో ఎర్ర గుర్తు రావాలి. తిరిగి పెట్టినప్పుడూ గమనించాలి, రింగ్ మూసుకునే క్షణంలోనూ దారి మారుతుంది, కొన్ని ఫ్రేములు పోవచ్చు. తెగినప్పుడు నిలిచిన డ్రైవ్, అతికినప్పుడు ట్రిప్ అయితే ఓపిక గడువు ఇంకా తక్కువగానే ఉన్నట్టు.