నాలుగు పేజీల సర్క్యులర్, ఐదు వాక్యాల వార్త

హెచ్‌ఆర్ విభాగం నుంచి నాలుగు పేజీల ప్రకటన వచ్చిందనుకుందాం. మొదటి పేజీ నిండా సంస్థ నిబద్ధత, యాజమాన్యం దార్శనికత. అసలు సంగతి మూడో పేజీ మధ్యలో దాక్కుంది: ఉద్యోగుల గ్రూప్ ఆరోగ్య బీమాలో ఇకపై తల్లిదండ్రులనూ చేర్చుకోవచ్చు.

దీన్ని న్యూస్‌లెటర్ కోసం కుదించేవాళ్లు చాలామంది మొదటి పేజీ నుంచి కత్తిరించుకుంటూ వస్తారు. అప్పుడు మిగిలేది పొట్టి సర్క్యులరే. అలాకాక, ఒకసారి చదివి పక్కన పెట్టేయాలి. ఉద్యోగి ఏం చేయాలి, ఎప్పటిలోగా, చేయకపోతే ఏమవుతుంది అన్నవి చూడకుండా రాసుకోవాలి. వార్త అక్కడే మొదలవుతుంది:

“అమ్మానాన్నలకూ మన బీమా! జూన్ 20లోగా పేర్లివ్వండి. తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. ప్రీమియంలో సగం కంపెనీది, సగం మీ జీతంలోంచి. నమోదు, పూర్తి నిబంధనలు హెచ్‌ఆర్ పోర్టల్‌లో.”

దార్శనికత ఎగిరిపోయింది. సంతకం పెట్టినాయన తప్ప ఎవరూ దాన్ని వెతకరు.

కానీ ఇందులో ఒకటి జారిపోయింది. ప్రొబేషన్ పూర్తయినవారికే ఈ సదుపాయమని సర్క్యులర్ చివర్లో ఉంది. ఇలాగే పంపితే కొత్తగా చేరినవాళ్లంతా హెచ్‌ఆర్ మీద పడతారు. అందుకే రెండో వాక్యం “ప్రొబేషన్ పూర్తయినవారు జూన్ 20లోగా” అని మారాలి. ఆపైన తేదీలు, షరతులు హెచ్‌ఆర్ వాళ్లకు ఒకసారి చూపించాలి.

విషయం ఉద్యోగాల కోత అయితే మాత్రం ఈ హుషారు పనికిరాదు. ఎవరికి వర్తిస్తుందో, ఎప్పటి నుంచో, ఎవరిని అడగాలో చెప్పి ఆగిపోవాలి.