పాల చుక్కలో వెలుగు దారి

మూడు గాజు గ్లాసుల్లో వడపోసిన నీళ్లు తీసుకోండి. ఒకదాంట్లో చెంచాడు పంచదార పూర్తిగా కరిగించండి. రెండోదాంట్లో రెండు మూడు చుక్కల పాలు కలపండి. మూడోదాంట్లో చిటికెడు మట్టి వేసి తిప్పండి. గదిలో దీపాలు ఆర్పి, సన్నటి టార్చ్ వెలుగును ఒక్కో గ్లాసులోంచీ పంపుతూ పక్కనుంచి చూడండి.

పంచదార నీళ్లలో వెలుగు దారి దాదాపు కనిపించదు. పంచదార అణువు సుమారు ఒక నానోమీటరు ఉంటుంది. మన కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు. అంత చిన్న అణువులు ఆ కాంతిని చెదరగొట్టేది లెక్కలోకి రానంత తక్కువ. ఇది ద్రావణం. పాలు కలిపిన నీళ్లలో మాత్రం వెలుగు దారి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మెరుస్తుంది. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ ముద్దలు, కొవ్వు బిందువులు కాంతిని అన్ని వైపులా చెదరగొట్టడమే దీనికి కారణం. ఇది కొల్లాయిడ్. 1860ల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఈ చెదరడాన్ని శ్రద్ధగా పరిశీలించిన జాన్ టిండాల్ పేరుమీదే దీన్ని టిండాల్ ప్రభావం అంటున్నాం. ఆ వెలుగు పక్కనుంచి చూస్తే కాస్త నీలంగా, ఎదురుగా గ్లాసులోంచి చూస్తే కాస్త పసుపుగా ఉంటుంది. చిన్న కణాలు నీలం కాంతినే ఎక్కువగా చెదరగొడతాయి మరి.

చాలామంది పొరబడేది మూడో గ్లాసు దగ్గర. మట్టినీళ్లలోనూ వెలుగు దారి కనబడుతుంది! కాబట్టి ద్రావణం కాదని చెప్పడానికి టార్చ్ సరిపోతుంది గానీ, కొల్లాయిడ్‌నూ అవలంబనాన్నీ విడదీయడానికి అది ఒక్కటే చాలదు. గ్లాసును కదపకుండా ఉంచాలి. మట్టి రేణువులు చాలావరకు అడుక్కి దిగిపోతాయి, పాల నీళ్లు అలాగే ఉంటాయి. మట్టిలోని అతి సన్నటి బంకరేణువులు మాత్రం చాలాసేపు తేలుతూ కొల్లాయిడ్‌లాగే ప్రవర్తిస్తాయి. ప్రకృతిలో ఈ హద్దు గీత గీసినట్టు ఉండదు.

పొగమంచే చూడండి. పుస్తకాల లెక్కన కొల్లాయిడ్ కణం 1 నుంచి 1000 నానోమీటర్లు ఉండాలి. పొగమంచులోని నీటి బిందువుల్లో చాలావరకు అంతకన్నా పెద్దవే. అయినా అవి చాలా నెమ్మదిగా దిగుతూ గాలిలో తేలుతుంటాయి కనుక దాన్ని కొల్లాయిడ్‌గానే చెబుతారు. ఆ పెద్ద బిందువులు అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొట్టడం వల్ల పొగమంచు తెల్లగా ఉంటుంది. హైబీమ్ వేస్తే ఆ వెలుగే చెదిరి డ్రైవరు కళ్లలోకి తిరిగొస్తుంది. అందుకే లోబీమ్ వేయాలి.

మయోనైజ్‌మీద టార్చ్ వేస్తే వెలుగు దారి అసలు కనిపించదు. అలాగని అది ద్రావణం కాదు. అందులో మూడొంతులకు అటూ ఇటూగా నూనే. అది చిన్న చిన్న బిందువులుగా కిక్కిరిసి ఉంటుంది. గుడ్డు పచ్చసొనలోని లెసిథిన్, ప్రోటీన్లు ఆ బిందువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా ఆపుతాయి. వాటిమధ్య కాంతి లెక్కలేనన్నిసార్లు చెదిరి, తెల్లటి ముద్దగానే కనబడుతుంది. చిక్కటి పాలలోనూ ఇంతే. కొంచెం మయోనైజ్‌ను ఎక్కువ నీళ్లలో బాగా కలిపి చూడండి, వెలుగు దారి తేలుతుంది. చేసేటప్పుడు నూనె ఒక్కసారిగా పోస్తే ఈ అమరిక విరిగి నూనె వేరుపడుతుంది. అలాంటప్పుడు మరో పచ్చసొన తీసుకుని, విరిగినదాన్ని అందులో కొద్దికొద్దిగా వేస్తూ గిలకొడితే మళ్లీ కలుస్తుంది.