డబ్బాది తప్పా, పాలదా?

మా అన్నయ్య కొడుకు జిమ్‌లో చేరిన రెండో నెలలో ఓ రాత్రి ఫోన్ చేశాడు. "బాబాయ్, పొద్దున ప్రొటీన్ షేక్ తాగి ఆఫీసుకెళ్తున్నానా, పదింటికల్లా పొట్ట ఉబ్బిపోతోంది. మీటింగులో కూర్చోవాలంటే భయంగా ఉంది. ఈ డబ్బా నకిలీదేమో!" అన్నాడు.

డబ్బా ఫొటో పంపమన్నాను. నకిలీదని చెప్పడానికి ఏమీ కనిపించలేదు. "దేంతో కలుపుతున్నావురా?" అని అడిగితే అసలు సంగతి బయటపడింది. ఒక స్కూపు పొడి, 300 మిల్లీలీటర్ల పాలు. పాలతో అయితే ఇంకాస్త ప్రొటీన్ వస్తుందని జిమ్‌లో ఎవరో చెప్పారట.

పాలలో ఉండే చక్కెరను లాక్టోజ్ అంటారు. దాన్ని విడగొట్టడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. పసితనంలో పుష్కలంగా ఊరే ఈ ఎంజైమ్ పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. దక్షిణాదిలో ఇది మరీ మామూలు. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తుంది. తాగిన అరగంట నుంచి రెండు గంటల్లోపు మొదలయ్యే గుడగుడలు, ఉబ్బరం చాలావరకు దాని పనే.

ఇప్పుడు మావాడి గ్లాసు లెక్క చూద్దాం. అతను కొన్నది వే కాన్సన్‌ట్రేట్. అందులో 80 శాతం దాకా ప్రొటీన్ ఉంటుంది, కొంత లాక్టోజ్ కూడా మిగులుతుంది. 33 గ్రాముల స్కూపులో అది రెండు గ్రాములకు అటూ ఇటూ. 300 మిల్లీలీటర్ల పాలలోనో, దాదాపు 14 గ్రాములు! లాక్టేజ్ తక్కువున్నవాళ్లలో కూడా చాలామంది ఒక విడతకు 12 గ్రాముల దాకా తట్టుకుంటారు. అతని గ్లాసులో 16 ఉన్నాయి. తిట్లన్నీ డబ్బాకు పడుతున్నాయి గానీ, లాక్టోజ్‌లో సింహభాగం పాలదే.

నాలుగు రోజులు నీళ్లతో కలుపుకోమన్నాను. మిగతాదేదీ మార్చొద్దన్నాను. ఒకేసారి మూడు మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. షేకర్ ఊపగానే వచ్చే నురగ కూడా గాలే కాబట్టి అది అణిగాక తాగమన్నాను. పొద్దుటి ఉబ్బరం పోయింది. సాయంత్రం గ్యాసు మాత్రం అలాగే ఉంది.

దానికి కారణం బ్యాగులో దొరికింది: "చక్కెర కలపలేదు" అని రాసున్న ప్రొటీన్ బార్. ముందువైపు పెద్దక్షరాలు పక్కనపెట్టి వెనకవైపు చదవాలి. మన దేశంలో పదార్థాల జాబితాను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. ఆ బార్‌లో రెండో పేరు మాల్టిటాల్, నాలుగోది చికోరీ వేరు నుంచి తీసిన ఇన్యులిన్. మాల్టిటాల్, సార్బిటాల్ లాంటి తీపి పదార్థాలు చిన్నపేగులో పూర్తిగా ఇంకవు. ఇన్యులిన్ అసలే అరగని పీచు. రెండూ బ్యాక్టీరియాకు విందే. పేర్లకు బదులు అంకెలుంటే సార్బిటాల్ 420, మాల్టిటాల్ 965. ఇలాంటివి వాడిన ప్యాకెట్ మీద విరేచనాలు కావచ్చన్న హెచ్చరిక కూడా ఉంటుంది, వెతికితే కనిపిస్తుంది.

డబ్బా అయిపోయాక ఐసొలేట్ కొననా అని అడిగాడు. వే ఐసొలేట్‌లో లాక్టోజ్ సాధారణంగా ఒక శాతం లోపే, కాబట్టి పొట్టకు తేలిక. కాకపోతే పైన 'ఐసొలేట్' అని రాసి, జాబితాలో మొదట కాన్సన్‌ట్రేట్ పెట్టే మిశ్రమాలున్నాయి. మొదటి పేరు ఏదో చూసుకోవాలి. ఎక్కువ డబ్బు పోసి ఐసొలేట్ కొని దాన్ని పాలలో కలుపుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. పాల పదార్థమే వద్దనుకుంటే బఠాణీ ప్రొటీన్ ఐసొలేట్ ఉంది. గ్యాసు తెచ్చే చక్కెరలు పిండిలో కంటే అందులో తక్కువ. రుచి మట్టిలా ఉంటుంది, ముందే చెప్తున్నాను.

అసలు అంత పొడి కావాలా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఆరోగ్యవంతుడికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. 65 కిలోల మావాడికి అది 54 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు కొంత ఎక్కువ పడుతుందనుకున్నా, రోజూ గుడ్లు, పప్పు, చికెన్ తినేవాడికి రెండు స్కూపులు, పైన ఒక బార్ ఎందుకు? పైగా 2024లో ఆ సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కండ కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దనే చెప్పాయి. గుడ్డుకు ఆరు గ్రాముల చొప్పున మూడు గుడ్లు తింటే 18 గ్రాములు వస్తాయి, లాక్టోజ్ సున్నా.

పొడి మానేసినా ఉబ్బరం తగ్గకపోయినా, మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా డాక్టరుకు చూపించుకోవాలి.

మావాడు బార్ మానేశాడు, పొడి సగం స్కూపుకు దించి నీళ్లలోనే కలుపుకుంటున్నాడు. మిగిలిన పాలను మా వదిన తోడేస్తోంది. తోడుకునేటప్పుడు కొంత లాక్టోజ్‌ను బ్యాక్టీరియానే తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించే లాక్టేజ్‌ను కూడా పెరుగుతోపాటు మోసుకొస్తుంది. మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం తీసుకెళ్తున్నాడు, పొట్ట పేచీ పెట్టడం లేదట.