పైపొర జన్యువు ఒక్కటి చాలు

హెపటైటిస్-బి వైరస్‌ను ప్రయోగశాలలో పెంచడం చాలా కష్టం. అందుకే 1981లో అమెరికాలో అనుమతి పొందిన తొలి టీకాను ఆ వైరస్ ఒంట్లో ఉన్నవారి రక్తం నుంచే తీయాల్సి వచ్చింది. వారి రక్తంలో వైరస్‌తో పాటు దాని పైపొర ప్రోటీన్ కూడా ఖాళీ రేణువులుగా తిరుగుతుంటుంది. ఆ రేణువులను శుద్ధి చేసి ఇస్తే మన శరీరం వైరస్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

కావలసింది పైపొర మాత్రమే అయినప్పుడు మొత్తం వైరస్‌తో పనేముంది? 1986లో వచ్చిన టీకాకు మూలం ఈ ప్రశ్నే. పైపొర జన్యువును ఈస్ట్ కణంలో పెట్టి, ప్రోటీన్‌ను దానిచేతే చేయించారు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన షాన్వాక్-బి కూడా ఇలాంటిదే. అందులో వాడిన ఈస్ట్ పేరు పికియా పాస్టోరిస్. ఒక జీవి జన్యువును మరో డీఎన్ఏతో అతికితే వచ్చేదే రీకాంబినెంట్ డీఎన్ఏ.

ఇవాళ ఒక ప్రయోగశాల ఇదే పని మొదలుపెడితే ముందుగా ఆ జన్యువుకు కోట్లాది నకళ్లు కావాలి. అది పీసీఆర్ పని. పైపొర ప్రోటీన్‌లో 226 అమైనో ఆమ్లాలుంటాయి. ఒక్కోదానికి మూడు అక్షరాల చొప్పున, చివరి ఆపు గుర్తుతో కలిపి జన్యువు పొడవు 681 అక్షరాలు. చిన్న ట్యూబులో సగం చుక్కంత ద్రవం తీసుకుని అందులో వైరస్ డీఎన్ఏ, నాలుగు రకాల డీఎన్ఏ అక్షరాలు, మెగ్నీషియం, టాక్ పాలిమరేజ్ అనే ఎంజైమ్, రెండు ప్రైమర్లు వేస్తారు. టాక్ వేడినీటి ఊటల్లో బతికే బ్యాక్టీరియాది కాబట్టి మరిగేంత వేడికి కూడా పాడవదు.

మొదట 94 డిగ్రీల వేడికి డీఎన్ఏ రెండు పోగులుగా విడిపోతుంది. తర్వాత 55 డిగ్రీల దగ్గరకు చల్లార్చితే ప్రైమర్లు జన్యువు రెండు కొసల దగ్గర అతుక్కుంటాయి. ఆపైన 72 డిగ్రీల దగ్గర టాక్ ప్రైమర్ కొస నుంచి అక్షరాలు పేర్చుకుంటూ పోతుంది. వెయ్యి అక్షరాలకు నిమిషం లెక్కన మన జన్యువుకు ముప్పావు నిమిషం చాలు. ప్రతి చక్రానికీ నకళ్లు రెట్టింపయితే, 30 చక్రాలకు ఒక్క డీఎన్ఏ ముక్క 107 కోట్లు కావాలి. సరుకు అయిపోతూ, ఎంజైమ్ అలసిపోతూ ఉంటుంది కాబట్టి నిజంగా అన్ని రావు.

పరీక్షల్లో 94, 55, 72 అని బట్టీ పట్టి రాస్తాం గానీ, ఆ 55 ఏమీ శాసనం కాదు. అది ప్రైమర్‌ను బట్టి మారుతుంది. అసలు తెలివంతా ప్రైమర్‌లోనే ఉంది. 20 అక్షరాలు జన్యువుకు సరిపోయేలా రాసి, ముందు కొసకు జీఏఏటీటీసీ అనే ఆరు అక్షరాలు తగిలిస్తారు. ఈకో ఆర్‌వన్ అనే కత్తెర ఎంజైమ్ కోసేది అక్కడే. ఎంజైమ్‌కు పట్టు దొరకడానికి వాటికి ముందు మరికొన్ని అక్షరాలు వదలాలి. అవి మరిస్తే కోత సరిగా పడదు. రెండో ప్రైమర్‌కు వేరే కత్తెర గుర్తు పెడతారు, లేకపోతే జన్యువు తలకిందులుగా అతుక్కునే ప్రమాదం ఉంది. జన్యువు మధ్యలో అవే గుర్తులు లేవని ముందే చూసుకోవాలి.

వచ్చిన నకళ్లను జెల్‌లో పరుగెత్తిస్తే 700 అక్షరాల దగ్గర ఒకే చార కనిపించాలి. అనేక చారలు వస్తే అతుకు వేడి తక్కువైందేమో చూస్తారు. అసలు చారే లేకపోతే వేడి ఎక్కువైందన్నది ఒక అనుమానం. డీఎన్ఏ వేయని నీళ్ల ట్యూబులోనూ అదే చార కనిపిస్తే ఏదో కలుషితమైందన్నమాట. ఆ రోజు ఫలితాలన్నీ చెత్తబుట్టకే.

ఇక ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్ఏను అవే కత్తెరలతో కోసి, లైగేజ్ ఎంజైమ్‌తో జన్యువును అందులో అతుకుతారు. దాన్ని ముందుగా ఈ.కోలి బ్యాక్టీరియాలోకి ఎక్కించి యాంటీబయాటిక్ ఉన్న పళ్లెంలో పెంచుతారు. ప్లాస్మిడ్ అందినవే బతుకుతాయి. కానీ జన్యువు లేకుండా తిరిగి మూసుకుపోయిన ప్లాస్మిడ్ ఉన్నవీ బతుకుతాయి. అందుకని ఒక్కో మచ్చ నుంచి కాస్త తీసి మళ్లీ పీసీఆర్ చేస్తారు. అయినా చార చెప్పేది పొడవు మాత్రమే. టాక్ అప్పుడప్పుడు తప్పు అక్షరం పెడుతుంది, దాన్ని సరిదిద్దుకునే గుణం దానికి లేదు. కాబట్టి జన్యువును అక్షరం అక్షరం చదివించాల్సిందే.

తప్పుల్లేని ప్లాస్మిడ్‌ను పికియాలోకి పంపితే అది కణం క్రోమోజోమ్‌లోనే కలిసిపోతుంది. జన్యువు ముందున్న స్విచ్ మిథనాల్‌తో పనిచేస్తుంది. ముందు గ్లిజరాల్ పోసి ఈస్ట్‌ను బాగా పెంచి, తర్వాత మిథనాల్ ఇస్తే ప్రోటీన్ తయారీ మొదలవుతుంది. కణాలను పగలగొట్టి ప్రోటీన్ తీశాక, దాన్ని హెపటైటిస్-బి ప్రతిరక్షకాలతో కలిపి చూస్తారు. మడతలు సరిగా పడి రేణువుగా కట్టుకున్న ప్రోటీన్‌నైతే అవి గట్టిగా పట్టుకుంటాయి. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నా, మడత చెడిన ప్రోటీన్ టీకాకు పనికిరాదు.