Family Tour Budget: రూ.30 వేలు అనుకుంటే రూ.52 వేలు.. ఐదు రోజుల వైజాగ్ టూర్‌లో డబ్బు ఎక్కడ పోతోంది?

ఫ్యామిలీ టూర్ అనగానే చాలామంది రెండు లెక్కలే వేస్తారు. రైలు టికెట్లు, హోటల్ రూమ్. మిగతాది అక్కడికెళ్లాక చూసుకుందాంలే అనుకుంటారు. తేడా వచ్చేది అక్కడే. హైదరాబాద్ నుంచి భార్యాభర్తలు, పదేళ్లు, ఆరేళ్ల వయసున్న ఇద్దరు పిల్లలు వైజాగ్, అరకు వెళ్తున్నారనుకుందాం. ఈ రేట్లు ఉదాహరణకే, సీజన్‌ను బట్టి మారతాయి.

రైలు టికెట్లు: రూ.10,600

5 ఏళ్లు నిండి 12 ఏళ్లలోపు పిల్లలకు బెర్త్ వద్దంటేనే సగం ఛార్జీ. బెర్త్ కావాలంటే ఫుల్ టికెట్టే. రాత్రి ప్రయాణం కాబట్టి నాలుగు బెర్తులూ తప్పవు. థర్డ్ ఏసీ రూ.1,200 చొప్పున రానూపోనూ రూ.9,600. ఇంటి నుంచి స్టేషన్‌కు, తిరిగి ఇంటికి క్యాబ్ మరో రూ.1,000.

రూమ్: రూ.13,500

రూ.2,500 చొప్పున నాలుగు రాత్రులకు రూ.10,000. దానికి 5 శాతం జీఎస్టీ రూ.500, ఎక్స్‌ట్రా బెడ్‌కు రోజుకు రూ.500. ఇంకో చిక్కు.. రైలు తెల్లవారుజామునే దిగుతుంది, రూమ్ మాత్రం మధ్యాహ్నం 12కే ఇస్తారు. ముందే కావాలంటే మరో రూ.1,000. బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి ఈ విషయం అడగాలి.

లోకల్ ట్రావెల్: రూ.10,400

బడ్జెట్‌ను తలకిందులు చేసేది ఇదే. వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. బొర్రా గుహలు, చుట్టుపక్కల కలిపినా రెండు రోజుల్లో 280 కిలోమీటర్లు దాటదు. కానీ కారుకు రోజుకు కనీసం 250 కిలోమీటర్ల లెక్క కడితే 500కి బిల్లు పడుతుంది. కిలోమీటరుకు రూ.14 చొప్పున రూ.7,000. డ్రైవర్ బేటా, పార్కింగ్ మరో రూ.1,000. సిటీలో మూడు రోజుల ఆటోలకు రూ.2,400. అందుకే కిలోమీటర్ రేటు కాదు, కనీస కిలోమీటర్లు ఎన్నో ముందు అడగాలి. కారు ఖర్చు తగ్గాలంటే కిరండూల్ ప్యాసింజర్‌లో అరకు వెళ్లొచ్చు. అక్కడ తిరగడానికి మాత్రం ఆటోనో జీపో మాట్లాడుకోవాలి.

భోజనం, టికెట్లు: రూ.13,000

టిఫిన్, రెండు పూటల భోజనం, టీ, వాటర్ బాటిళ్లు.. నలుగురికి రోజుకు రూ.2,000. ఎంట్రీ టికెట్లు, రోప్‌వే, పిల్లల సరదాలకు మొత్తం రూ.3,000.

ఇప్పటికే రూ.47,500. జ్వరం మందులు, తెగిన చెప్పులు, అరకు కాఫీ పొడి లాంటి వాటికి 10 శాతం కలిపితే దాదాపు రూ.52 వేలు. రూ.30 వేలతో బయల్దేరితే మిగతా రూ.22 వేలు క్రెడిట్ కార్డు మీద పడతాయి. తిరిగొచ్చాక ఈఎంఐ కట్టడం కంటే, బయల్దేరే ముందే ఒక రాత్రి తగ్గించుకోవడమో, కారు మానుకోవడమో తేల్చుకోవడం నయం.